చేయగలనా? చేస్తే ఫలితం ఉంటుందా? నెల్లూరు తీరంలో ఒక రొయ్యల రైతు కేసు

"ఏం జేసినా ఇంతే సార్, నా రాత ఇట్టుండాది" అంటూ వచ్చిన మనిషికి "అట్లా అనుకోకు, అంతా నీ చేతుల్లోనే ఉంది" అని ధైర్యం చెప్పి పంపడం మన దగ్గర కౌన్సెలింగ్ పేరుతో రోజూ జరుగుతుంటుంది. కొందరికి ఆ మాట పనిచేస్తుంది. ఈ కేసులో చెప్పి ఉంటే మాత్రం ప్రమాదం అయ్యేది. పైకి రాతను నిందిస్తున్న ఆ రైతు లోపల తనను తాను నూటికి నూరుపాళ్లు దోషిగా నిలబెట్టుకున్నాడు. ఆ సంగతి మామూలు స్కేళ్లలో కనిపించలేదు. కనిపించేలా చేసినదేమిటి, ఆ తర్వాత ఏ పని ఏ వరుసలో జరిగింది అన్నదే ఈ నివేదిక. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, ఊరు, చెరువుల వివరాలు మార్చాం.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 41. నెల్లూరు జిల్లా తీర మండలంలో ఐదెకరాలు కౌలుకు తీసుకుని రెండు చెరువుల్లో వనామీ రొయ్యల సాగు చేస్తున్నాడు. 2024 చివర్లో, ఈశాన్య వానల కాలంలో వేసిన పంటకు 41వ రోజున తెల్లమచ్చ వైరస్ జబ్బు తగిలింది. వారం తిరక్కుండా రెండు చెరువులూ పోయాయి. 2025 వేసవి పంట చావలేదు గానీ పెరగలేదు. ల్యాబ్‌లో చూపిస్తే రొయ్య ఎదుగుదల ఆపే పరాన్నజీవి ఈహెచ్‌పీ అన్నారు. వంద రోజులు మేత తిన్న రొయ్య కిలోకు 90 దగ్గరే ఆగిపోయింది. జూన్‌లో మేత డీలర్ దగ్గర అప్పు పెట్టి మూడో పంట వేశాడు.

మా దగ్గరికి వచ్చేటప్పటికి ఆ పంటకు 18 రోజులు. ఛాతీలో నొప్పి అని భార్య ముందు ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈసీజీ బాగానే ఉంది, డాక్టరు ఇటు పంపారు. రాత్రిళ్లు చెరువు మీదకు వెళ్లడం మానేశాడు. కాపలా కుర్రాడు ఫోన్ చేస్తే ఎత్తడు. రోజూ సాయంత్రం ఒక క్వార్టర్ తాగుతాడు, మూడు గంటలకు మించి నిద్ర లేదు. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 16, అంటే ఒక మోస్తరును దాటిన కుంగుబాటు. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు "కొన్ని రోజులు" అన్నాడు. బతికి ఏం లాభం అనిపిస్తుందట గానీ ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన లేదు.

ఇలాంటప్పుడు నమ్మకాల మీద పని తర్వాత సంగతి. చెరువు మందులు, పొలం మందులు అన్నీ అదే రోజు తమ్ముడింటికి చేర్చి తాళం వేయించాం. మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీ మానస్ నంబరు 14416 భార్యాభర్తలిద్దరి ఫోన్లలో పెట్టించాం. సైకియాట్రిస్టు చూసి కుంగుబాటు మందు సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. ఈ మందు సంగతి ఫలితాలు చదివేటప్పుడు గుర్తుండాలి.

స్కేలు చూపించింది, దాచింది

లోకస్ ఆఫ్ కంట్రోల్ అంటే, మనకు జరిగేవాటికి కారణం మన నడవడికలో ఉందా, బయట ఉందా అన్న విషయంలో మనిషికి ఉండే సాధారణ అంచనా. 1966లో జూలియన్ రాటర్ ఇచ్చిన స్కేలులో 29 జతల వాక్యాలుంటాయి. లెక్కకు వచ్చేవి 23, మిగతా ఆరూ ఉద్దేశం దొరక్కుండా కలిపినవి. ప్రతి జతలోనూ ఒకదాన్నే ఎంచుకోవాలి. మన రైతుల దగ్గర ఇక్కడే ఇబ్బంది. "ప్రయత్నం మనది, ఫలితం దైవాధీనం" అని ఒకే ఊపిరిలో రెండూ అనే మనిషిని ఒకటే ఎంచుకోమంటే, ఆ పూట నోటికొచ్చింది చెబుతాడు. అందుకే హానా లెవెన్సన్ స్కేలు వాడాం. అందులో సొంత పట్టు, బలమైన ఇతరుల పట్టు, అదృష్టం అని మూడు విడి కొలతలుంటాయి. ఒక్కోదానికి ఎనిమిది వాక్యాలు, 0 నుంచి 48 వరకు మార్కులు. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలన్న నియమం లేదు.

ఈయనకు సొంత పట్టు 23, బలమైన ఇతరులు 38, అదృష్టం 39 వచ్చాయి. చాలా రిపోర్టులు ఇక్కడే "బాహ్య నియంత్రణ" అని రాసి, లోపలికి మళ్లించాలని సూచించి ముగుస్తాయి. రొయ్యల రైతు విషయంలో ఈ మార్కులు జబ్బు లక్షణం కాకపోవచ్చు, లోకజ్ఞానం కావచ్చు. వైరస్ నిజంగానే పక్క చెరువు నుంచి వస్తుంది. ధర నిజంగానే ఎక్కడో నిర్ణయమవుతుంది. అప్పు పెట్టిన డీలర్ మాటకు నిజంగానే బలముంది. ఈయన స్థానంలో 45 సొంత పట్టు మార్కులు తెచ్చుకున్న మనిషిని చూస్తే మాకు ఎక్కువ కంగారు పుట్టేది.

కాబట్టి అడగాల్సింది ఆ మాట ఎప్పుడు వస్తోందని. పని చేసేశాక, ఫలితం చేదుగా ఉన్నప్పుడు "రాత" అంటే అది ఊరట, దాన్ని కదిలించనక్కర్లేదు. పని ముందు "రాత" అంటే అది పని మానడానికి దారి. భార్యను వారం రోజులు చిన్న నోటుపుస్తకంలో రాయమన్నాం: ఆ మాట అన్న సమయం, దానికి ముందు ఏమైంది, తర్వాత ఏం చేశాడు. పదకొండు సార్లు నమోదైతే తొమ్మిది సార్లు కాపలా కుర్రాడి ఫోన్ మోగినప్పుడో, డీలర్ మనిషి బండి వీధిలోకి వచ్చినప్పుడో. ఆ వెంటనే ఫోన్ తిరగేసి పెట్టడం, పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోవడం. వాతావరణం గురించీ, దేవుడి గురించీ మాట్లాడినప్పుడు ఆ మాట అంతగా రాలేదు. అంటే ఆయన తప్పించుకోవాలనుకునే పనులు రెండో మూడో ఉన్నాయి, వాటి చుట్టూనే రాత తిరుగుతోంది.

రెండు ప్రశ్నల కాగితం

1977లో ఆల్బర్ట్ బండూరా విడదీసి చూపించిన తేడా ఇక్కడ అక్కరకొస్తుంది. ఈ పని చేస్తే ఫలితం ఉంటుందా అన్నది ఒక నమ్మకం. ఆ పని నేను చేయగలనా అన్నది వేరే నమ్మకం, దీన్నే స్వీయ సామర్థ్య నమ్మకం అంటాం. రెండోది మనిషి మొత్తానికి ఒకే మార్కుగా కొలిస్తే చికిత్సకు ఉపయోగం తక్కువ. పనిపనికీ విడిగా, 0 నుంచి 100 వరకు పదేసి చొప్పున అడగాలి. 0 అంటే అసలు చేయలేను, 50 అంటే చేయగలనేమో, 100 అంటే తప్పకుండా చేయగలను. పనులు మనం ఊహించి రాయకూడదు. రైతు తన ఒక రోజు చెబుతుంటే అందులోంచి ఏరుకోవాలి. "వచ్చే వారం" కాదు, "ఈ రాత్రే చేయాల్సి వస్తే" అని అడగాలి. లేకపోతే మొహమాటానికి అందరూ 80 అంటారు.

| పని | చేయగలనా | చేస్తే ఫలితం ఉంటుందా |
|---|---|---|
| తెల్లవారుజామున 4కు నీటిలో ఆక్సిజన్ చూడటం | 60 | 80 |
| మేత ఎంత మిగిలిందో తెలిపే చెక్ ట్రే చూసి మేత తగ్గించడం | 80 | 70 |
| కరెంటు పోతే పది నిమిషాల్లో జనరేటర్ వేయడం | 40 | 90 |
| జబ్బు జాడ తెలిపే పీసీఆర్ పరీక్షకు శాంపిల్ పంపడం | 50 | 30 |
| అప్పు గడువు గురించి డీలర్‌తో మాట్లాడటం | 10 | 60 |
| రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజు తానే తేల్చుకోవడం | 20 | 20 |

రెండు నిలువు వరుసలూ కలిపి చదవాలి. 1982లో బండూరా చెప్పిన నాలుగు కలయికలు ఇందుకే. రెండూ ఎక్కువుంటే మనిషి పనిలోకి దిగుతాడు. రెండూ తక్కువుంటే చేతులెత్తేస్తాడు. చేయగలను, కానీ ఫలితం దక్కనివ్వరు అనుకుంటే కోపం, పోరాటం వస్తాయి. ఫలితం ఉంది, చేయాల్సింది కూడా తెలుసు, నాకే చేతకాదు అనుకుంటే మనిషి తనను తాను కించపరుచుకుంటాడు, కుంగిపోతాడు.

ఈ కాగితం మీద పట్టుబడి విషయంలో చేతులెత్తేయడం ఉంది. పీసీఆర్ దగ్గర ఉన్నది తెలియనితనం, "తెలిసి మాత్రం ఏం జేస్తాం" అన్నాడు. కళ్లు ఆగాల్సింది జనరేటర్ వరుస దగ్గర. నలభై, తొంభై. జనరేటర్ వేయడం అంత కష్టమైన పనేం కాదు, పదిహేనేళ్లుగా వేస్తున్నాడు. అలాంటి పనికి 40 ఎందుకిచ్చాడు?

అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. మొదటి పంట 36వ రోజు రాత్రి కరెంటు పోయింది. తాగి పడుకున్నాడు. కుర్రాడు లేపేసరికి గంటన్నర దాటింది. బ్యాటరీ దిగిపోయి జనరేటర్ స్టార్ట్ కాలేదు. తెల్లారేదాకా నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరగలేదు. ఐదు రోజులకు తెల్లమచ్చ బయటపడింది. "నేనే చంపుకున్నా సార్" అన్నాడు. భార్యకు కూడా చెప్పని సంగతి అది. ఊళ్లో అందరితోనూ రాత అంటున్నది ఆ రాత్రి గురించి ఎవరూ అడక్కూడదనే.

కారణాల వాటా

ఇక్కడ రెండు తప్పుడు దారులున్నాయి. "నీ తప్పేం లేదు, వైరస్‌కు ఎవరేం చేస్తారు" అనడం ఒకటి. అది అబద్ధం. వైరస్ మోస్తున్న రొయ్యకు ఆక్సిజన్ పడిపోతే జబ్బు బయటపడే అవకాశం పెరుగుతుందని రైతుకు మనకన్నా బాగా తెలుసు. తప్పు ఒప్పించి ఇకపై జాగ్రత్త అనడం రెండోది. అప్పటికే నూరు శాతం మోస్తున్న మనిషి మీద ఇంకో మూట పెట్టడమే అది.

చేయాల్సింది లెక్క కట్టించడం. ఒక కాగితం మీద గుండ్రంగా గీసి, పంట పోవడానికి కారణాలన్నీ రాయించాం. సొంత తప్పు చివరన రాయించాలి. ముందే రాస్తే వృత్తమంతా అదే ఆక్రమిస్తుంది. పది రోజుల ముందు అదే కాలువ మీదున్న చెరువుకు జబ్బొచ్చి నీళ్లు వదిలారు. వానలకు నీరు ఒక్కసారిగా చల్లబడింది. హేచరీ సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, పరీక్ష చేయించకుండా వేశారు. పీతలు రాకుండా కట్టే వల ఒక పక్క చిరిగింది. చివరన ఆ రాత్రి. వాటాలు రైతే వేయాలి, మనం అంకె చెప్పకూడదు. బయటి కారణాలకు 65 పెట్టాడు, తనకు 35 మిగిలింది.

ఆ 35 లోపల ఏముందో మళ్లీ విడగొట్టించాం: సీడ్ పరీక్ష, పీతల వల, బ్యాటరీ, తాగి పడుకోవడం. బెర్నార్డ్ వీనర్ చెప్పిన మూడు ప్రశ్నలు ఒక్కోదానికీ వేశాం. కారణం నాలోదా, బయటిదా? మారేదా, మారనిదా? నా అదుపులో ఉందా, లేదా? ఆ నాలుగూ ఆయనలోవే, కానీ నాలుగూ మారేవే, అదుపులో ఉన్నవే. "నేనే పనికిరానివాణ్ణి" అన్న మారని కారణం ఆ కాగితం మీద లేదు. ఆ గంట తర్వాత అదృష్టం మార్కు కదిలిందా అంటే లేదు. మాట మాత్రం మారింది. "బ్యాటరీ చూసుకోవాల్సింది" అన్నాడు.

జనరేటర్ మీద మెట్లు

సామర్థ్య నమ్మకానికి బండూరా నాలుగు ఆధారాలు చెప్పాడు: స్వయంగా చేసి నెగ్గడం, మనలాంటి వాళ్లు చేస్తుంటే చూడటం, నమ్మదగినవాళ్లు చెప్పడం, ఒంట్లో కలిగే మార్పుల్ని మనం చదువుకునే తీరు. వీటిలో మొదటిదే బలమైనది, మూడోది బలహీనమైనది. మన కౌన్సెలింగ్ చాలామటుకు మూడోదానితోనే నడుస్తుండటం విచిత్రం.

డీలర్ విషయం 10 దగ్గర ఉంది కాబట్టి దాంతో మొదలుపెట్టాలనిపిస్తుంది. పెట్టకూడదు. మొదటి మెట్టు రైతు కనీసం 70 అనుకునే స్థాయిలో ఉండాలి, కానీ అతనికి చేశాననిపించాలి. 100 ఉన్న పని చేయిస్తే నమ్మకం పెరగదు, అది ముందే ఉంది. జనరేటర్ పనిని ఇలా ముక్కలు చేశాం. మొదట పగటిపూట బ్యాటరీ టెర్మినల్స్ శుభ్రం చేసి, డీజిల్ కొలిచి, స్టార్ట్ చేసి, లైన్ మార్చే స్విచ్ వేసి ఏరేటర్లు తిరిగేదాకా టైము రాయడం. మూడు రోజులు వరుసగా 14, 9, 7 నిమిషాలు పట్టింది. తర్వాత అదే పని రాత్రి 9కి, టార్చి వెలుగులో. తర్వాత కుర్రాడితో కలిసి 3 గంటలకు. చివరగా భార్య చెప్పకుండా ఒక రాత్రి షెడ్డులో మెయిన్ దించడం.

మధ్యలో ఒకటి చెడింది. రాత్రి అభ్యాసానికి తమ్ముడు కూడా వచ్చి, అన్నకు కష్టం ఎందుకని తనే హ్యాండిల్ తిప్పాడు. కాగితం మీద పని జరిగినట్టే ఉంది, సామర్థ్యం మార్కు మాత్రం 60 నుంచి 50కి దిగింది. మనసు ఆ గెలుపును తమ్ముడి ఖాతాలో వేసింది. సాయం వల్ల పని జరిగి నమ్మకం తగ్గితే, సాయం ఎక్కువైందని అర్థం. తమ్ముణ్ణి షెడ్డు బయట నిలబెట్టి, పిలిస్తేనే రమ్మన్నాం.

ఇంకో నియమం గట్టిగా పాటించాలి. కిలోకు ఎన్ని రొయ్యలన్న కౌంట్, టన్నులు, లాభం ఏవీ లక్ష్యంగా రాయకూడదు. రాసేది పని మాత్రమే. 4 గంటలకు ఆక్సిజన్ చూసి రాయడం లక్ష్యం. అది 4 పీపీఎం పైన ఉండటం లక్ష్యం కాదు. ఫలితాన్ని లక్ష్యం చేస్తే ఒక్క వైరస్ రెండు నెలల నమ్మకాన్నీ పట్టుకుపోతుంది.

ఫోన్ మోగగానే గుండె దడ, చేతులు చల్లబడటం. దాన్ని ఆయన "నావల్ల కాదని ఒళ్లే చెబతా ఉంది" అని చదువుకుంటున్నాడు. దడ తగ్గించే ప్రయత్నం చేయలేదు. దడ ఉండగానే ఫోన్ ఎత్తి రెండే మాటలు అడగమన్నాం: ఏ చెరువు, ఆక్సిజన్ ఎంత. జవాబు రాసుకునేసరికి దడ ఎంతుందో కూడా పదికి రాయమన్నాం. నాలుగైదు రాత్రుల తర్వాత దడ 8 ఉన్నా పని జరిగిందని ఆయన చేతిరాతలోనే ఉంది.

చూసి నేర్చుకోవడం కోసం ఊళ్లో నలభై ఎకరాల ఆసామిని కలవమని భార్య పంపింది. వచ్చి "ఆయనకేం, డబ్బుండాది" అన్నాడు. అన్నీ సులువుగా చేసే మనిషి కన్నా, తడబడుతూ నిలదొక్కుకున్న మనిషిని చూడటమే ఇలాంటివాళ్లకు పనికొస్తుంది. రెండు పంటలు పోగొట్టుకుని, ఇంకా అప్పులోనే ఉండి, చిన్న డైరీతో సాగు చేస్తున్న పక్కూరి రైతు దగ్గరికి పంపాం. అక్కడినుంచి వచ్చేటప్పుడు ఒక డైరీ కొనుక్కుని వచ్చాడు. పీసీఆర్ ఎందుకో కూడా అక్కడే తెలిసింది. జబ్బు ముందే తెలిస్తే ఆపలేకపోయినా, చచ్చేలోపు పట్టి అమ్ముకోవచ్చు. ఆ వరుసలో ఫలితం మార్కు 30 నుంచి 70కి వెళ్లింది. దానికి ఏ చికిత్సా అక్కర్లేదు, సమాచారం చాలు.

డీలర్

అప్పిచ్చిన డీలర్‌కే సరుకు అమ్మాలన్న షరతు ఉన్నప్పుడు డీలర్ నిజంగానే బలమైన ఇతరుడు. ఆయన్ని ఒప్పించడం లక్ష్యంగా పెట్టుకుంటే ఓడిపోతాం. మూడు వాక్యాలు చెప్పి, లేచి రాకుండా జవాబు వినడం మాత్రమే లక్ష్యం. ముందు రైతునే డీలర్‌గా కూర్చోబెట్టాం. భయపెట్టే మాటలన్నీ అతనికి కంఠతా వచ్చు. వాటిని తన నోటితో అనడం వల్ల కొంత బరువు దిగింది. తర్వాత పాత్రలు మార్చాం.

మొదటిసారి: "అన్నా, అదీ... ఈసారికి ఎట్టో ఒకట్టు చూడన్నా, నా పరిస్థితి తెలుసుగదా..." ఇందులో అడిగింది ఏమీ లేదు, బతిమాలడమే ఉంది.

నాలుగోసారి: "అన్నా, పాత బాకీ ఎంతుందో నాకు లెక్క రాసియ్యి. ఈ పట్టుబడిలో సగం కడతా, మిగతాది సంక్రాంతి తర్వాత. ఇప్పుడే జవాబు చెప్పనక్కర్లేదు, బుధవారం వస్తా."

సామర్థ్యం 10 నుంచి 50కి చేరాక వెళ్లాడు. డీలర్ సంక్రాంతికి ఒప్పుకోలేదు, వడ్డీ తగ్గించలేదు. లెక్క మాత్రం రాసిచ్చాడు, సగానికి సరే అన్నాడు. వచ్చి "సగమే అయింది" అంటే, కాగితం తీసి చూపించాం. లక్ష్యం మూడు వాక్యాలు, మూడూ చెప్పాడు. తర్వాతి మార్కు 60.

ఆగస్టు

పంట 50వ రోజు దాటాక ఒక రాత్రి మూడున్నరకు కరెంటు పోయింది. మీటరులో ఆక్సిజన్ 2.6 పీపీఎం. తొమ్మిది నిమిషాల్లో ఏరేటర్లు తిరిగాయి. ఆరింటికి 4.1. పొద్దున మొదటి మేత ఆపేశాడు, రెండోది సగానికి తగ్గించి చెక్ ట్రేలో మిగిలింది చూసుకున్నాడు. తర్వాతి వారం వచ్చి "లక్కు బాగుంది సార్" అన్నాడు. ఇలాంటి చోట ఊరుకుంటే స్వయంగా చేసిన పని నమ్మకంగా మారదు. వాదించనూ కూడదు. డైరీ తెరిచి నిమిషం నిమిషం చదివించి, ప్రతి వరుస పక్కన "లక్కు" అనో "నేను" అనో రాయమన్నాం. ఏడు వరుసల్లో రెండు లక్కు: ఆ రాత్రి గాలి వీయడం, కుర్రాడు మెలకువగా ఉండటం. ఐదు "నేను".

అసలు పరీక్ష నెలాఖరుకు వచ్చింది. 2025 ఆగస్టు 27 నుంచి భారత సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. రొయ్య ధర పడింది. అప్పటిదాకా బాగా నడుస్తున్న మనిషి రోజంతా ఫోన్‌లో ధరలు చూడటం మొదలుపెట్టాడు. వ్యాపారుల వాట్సాప్ గ్రూపులు తెల్లారేదాకా తిరగేశాడు. నిద్ర మళ్లీ నాలుగు గంటలకు పడింది. నియంత్రణ నమ్మకం పెరిగిన మనిషి దాన్ని తన పట్టులో లేనిదాని మీద కూడా ఖర్చు పెడతాడు. పైకి ఇది శ్రమలా కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లు కూడా పట్టించుకోరు.

సమస్యను మార్చే ప్రయత్నం, సమస్య వల్ల కలిగే బాధను తట్టుకునే ప్రయత్నం అని లాజరస్, ఫోక్‌మన్ 1984లో విడదీసిన రెండు పద్ధతుల్లో, మార్చగలిగేదానికి మొదటిది, మార్చలేనిదానికి రెండోది సరిపోతుంది. ధరను రెండు ముక్కలు చేశాం. ధర ఎంతన్నది ఆయన చేతిలో లేదు: సాయంత్రం ఆరింటికి ఒక్కసారి చూడటం, గ్రూపులు మ్యూట్ చేయడం, తమ్ముడితో కూర్చుని అరగంట తిట్టుకోవడం. ఎప్పుడు పట్టాలన్నది ఆయన చేతిలో ఉంది: ఒక రోజు ఉంచితే మేత, డీజిల్, కరెంటు కలిపి ఎంతవుతుంది, ఆ రోజు పెరిగే బరువు ఈ ధరకు ఎంత తెస్తుంది అని డైరీలో లెక్క. ఖర్చు రాబడిని దాటిన రోజు పట్టాలని ముందే రాసి సంతకం పెట్టాడు. ముందు కొంత సరుకు తీసి చెరువులో బరువు తగ్గించాడు. మిగతాది సెప్టెంబరు మధ్యలో, 50 కౌంట్ దగ్గర పట్టాడు. వరుసలో రెండూ 20 ఉన్న పట్టుబడి పని 70, 50 అయింది. పంట డబ్బు ఖర్చులకు, పాత బాకీలో సగానికి సరిపోయింది. మిగిలిందేం లేదు. సంచులు లారీకెక్కాక "మన రాతకి అమెరికా వాడు గూడా తోడైనాడు" అన్నాడట. పని ముగిశాక అన్న మాట కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అంకెలు, వాటి హద్దులు

ముగింపు సెషన్‌కు పీహెచ్‌క్యూ-9 6, తొమ్మిదో ప్రశ్నకు సున్నా. తాగుడు పూర్తిగా పోలేదు, చెరువు మీద పడుకునే రాత్రులు మాత్రం లేదు. లెవెన్సన్ స్కేలులో సొంత పట్టు 23 నుంచి 29కి, బలమైన ఇతరులు 38 నుంచి 32కి వచ్చాయి. అదృష్టం 39 నుంచి 36. ఈ చివరి అంకె దాదాపు కదల్లేదు, కదలాలని ప్రయత్నించనూ లేదు. జనరేటర్ 40 నుంచి 90కి, డీలర్ 10 నుంచి 60కి వెళ్లాక అదృష్టం ఎంత ఉన్నా చెరువు పని ఆగలేదు. నమ్మకాల స్కేలు ముందూ వెనకా చూసి చికిత్స ఫలితం తేల్చేవాళ్లు ఇలాంటి కేసును విఫలమని రాసే ప్రమాదం ఉంది.

ఈ మార్పులో ఎంత మందుదో, ఎంత మెట్లదో, ఎంత ఈసారి వైరస్ రాకపోవడానిదో ఒక్క కేసుతో విడదీయలేం. 45వ రోజున తెల్లమచ్చ తగిలి ఉంటే పని లక్ష్యాలు ఎంతవరకు నిలబెట్టేవో ఈ కేసు చెప్పదు. కుంగుబాటు ఇంకా తీవ్రంగా ఉండి, లేచి నడవడమే కష్టమైన మనిషికి ఈ రెండు వరుసల కాగితం ఇవ్వడం తొందరపాటు. అన్ని గడుల్లోనూ సున్నాలు వస్తాయి, అవి ఆ రోజు మనసువే గానీ పనులవి కావు.

డిసెంబరులో భార్య ఫోన్ చేసింది. "మళ్లీ కూర్చుండిపోయినాడు సార్, వానల పంట ఎయ్యలేదు" అని కంగారు. రెండు చెరువులూ ఎండగట్టి ఉన్నాయి. పంట మానుకోవడం చేతులెత్తేయడమా, నిర్ణయమా అన్నది చెరువును చూసి తెలియదు. డైరీ తెప్పించి చూస్తే వానల పంటకు సీడ్, మేత, డీజిల్ ఖర్చు, అప్పటి ధర, పోయిన ఏడాది ఇదే కాలంలో కాలువ మీద జబ్బొచ్చిన చెరువుల లెక్క వరుసగా ఉన్నాయి. అడుగు మట్టి తీయించి సున్నం చల్లించాడు, పీతల వల కొత్తది కట్టాడు. ఆ కాగితం మీద మళ్లీ మార్కులు వేయిస్తే అన్నీ నిలబడ్డాయి, ఒక్క డీలర్ వరుస 60 నుంచి బాగా కిందికి జారింది. సెప్టెంబరు తర్వాత ఆ మాటెత్తే అవసరమే రాలేదు, మిగతా సగం బాకీ ఇంకా అలాగే ఉంది. డీలర్‌తో మాట్లాడే అభ్యాసం మళ్లీ మొదటినుంచి పెట్టాం. ఈసారి డీలర్ పాత్ర తమ్ముడిది.